బొటనవేలి మంజూరు

ఆదివారం జరిగింది. ఈ రోజు మంగళవారం. గోరుసందుల్లో ఇంకా రాగిపిండి ఉంది కాబట్టి మర్చిపోకముందే రాసేస్తున్నా.

కడపలో మేముండేది ఒక ఇంటి పై అంతస్తులో సగం. రెండో సగంలో ఓనరు సార్, వాళ్లావిడ. ఏదో ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యాడాయన. నెట్ కనెక్షన్ ఇచ్చిన కుర్రాడు ఫైబర్ వైరును వీధి తలుపు దాకా లాక్కొచ్చి, వైరు అక్కడికి అయిపోయిందని రౌటర్‌ను చెప్పుల స్టాండు పైన బిగించి వెళ్లిపోయాడు. నేను పని చేసేది వెనక బెడ్రూంలో. మధ్యలో రెండు తొమ్మిదంగుళాల గోడలు, ఒక ఇనప బీరువా. హాల్లో తొంభై చూపించే స్పీడు నా కుర్చీ దగ్గర ఆరు. మీటింగులో నా మొహం నోరు తెరిచి ఆగిపోయిన ఫొటోలు మా టీంలో స్టిక్కర్లుగా తిరుగుతున్నాయి. వైఫైని అందుకుని మళ్లీ ముందుకు పంపే రిపీటర్ కొన్నా. ఒకే రేడియోతో అటు వినాలి, ఇటు చెప్పాలి కాబట్టి అది ఉన్న స్పీడులో సగం తినేసింది. ఇక మిగిలింది వైరు లాగడమే. హాల్లోంచి బెడ్రూంకి ఒక ఈథర్‌నెట్ కేబుల్, ఆ చివర సీలింగుకు వైఫై ఇచ్చే చిన్న పళ్లెమంత యాక్సెస్ పాయింట్. కరెంటు కూడా ఆ కేబుల్లోనే వెళ్తుంది, అక్కడ ప్లగ్గు అక్కర్లేదు.

ఓనరు ఇల్లు కదా, అడక్కుండా గోడ ముట్టుకోకూడదని వాట్సాప్‌లో మెసేజ్ రాశా. గంటన్నర పట్టింది. ఎంత పద్ధతిగా రాశానో చూడండి:

"సార్, నమస్తే. ఇంటర్నెట్ కోసం హాల్ నుంచి బెడ్రూంకి ఒక వైరు వేసుకుంటాను. వైరు స్కర్టింగ్ పైన తెల్ల ప్లాస్టిక్ పట్టీలో పోతుంది, బయటికి కనపడదు. గోడకు ఒకే ఒక్క రంధ్రం, 8 మి.మీ. సీలింగుకు రెండు స్క్రూలు, 6 మి.మీ. పెట్టేది ఫోన్ టవర్ కాదు సార్, రౌటర్ లాంటిదే. కరెంటు చిన్న ఎల్‌ఈడీ బల్బంత తింటుంది, అదీ మా మీటర్లోనే. ఖర్చంతా నాదే. ఖాళీ చేసేటప్పుడు రంధ్రాలు పూడ్చి రంగు వేయించి ఇస్తాను. వైరు కావాలంటే అలాగే వదిలేస్తాను. మీరు సరే అంటే ఆదివారం పొద్దున మొదలుపెడతాను."

కింద కాయితం మీద ఇంటి ప్లాను గీసి, వైరు పోయే దారి ఎర్ర పెన్నుతో చూపించి ఫొటో పెట్టా. ఇంత చేసినవాణ్ణి అక్కడితో ఆగొచ్చు కదా. చేతిలో ఫోనుంది, తారీఖు ఒకటి, ఎలాగూ పంపాలి కదా అని అద్దె పంపేసి ఆ స్క్రీన్‌షాట్ కూడా దాని కిందే పెట్టా.

పది నిమిషాలకు జవాబొచ్చింది.

👍

ఏ మెసేజ్‌నైనా ఒత్తిపట్టుకుని దాని మీదే బొమ్మ అంటించే సౌకర్యం వాట్సాప్‌లో ఉంది. సార్‌కు అది తెలీదు. ఆయన బొటనవేలు విడిగా, అన్నిటికీ అడుగున, దేనికీ అంటుకోకుండా నిలబడింది. నేను దాన్ని నా మెసేజ్‌కి తగిలించుకున్నా.

శుక్రవారం కేబుల్ కొన్నా. పదిహేను మీటర్లది, రెండు వైపులా పిన్నులు బిగించి అమ్మేది. ఇంటికొచ్చాక తెలిసిందేంటంటే, వైరు లావు ఆరు మిల్లీమీటర్లే కానీ దాని తలకాయ వెడల్పు పన్నెండు దాకా ఉంది. ఎనిమిది బొక్కలో వైరు పోతుంది, తల పోదు. తెలిసినవాళ్లు చేసేది వేరు. పిన్నులు లేని వైరు కొని, సన్న బొక్కలోంచి లాగి, ఆ తర్వాత రెండు వైపులా పిన్నులు బిగిస్తారు. దానికి క్రింపింగ్ టూల్ కావాలి, ఎనిమిది రంగుల తీగల వరస తప్పకుండా పేర్చగల ఓపిక కావాలి. నా దగ్గర రెండూ లేవు. అద్దెకు తెచ్చిన డ్రిల్లుతో పాటు పదహారు మిల్లీమీటర్ల బిట్ ఒకటి తెచ్చుకున్నా, అడుగున్నర పొడవుది. మెసేజ్‌కు సవరణ పంపాలని తోచనే లేదు.

ఆదివారం పొద్దున తొమ్మిది. స్టూలెక్కా. స్విచ్‌బోర్డుకు నిలువునా పైన బొక్క పెట్టకూడదు, లోపల కరెంటు పైపు ఉంటుంది. అది తెలుసు కాబట్టి బెడ్రూం గుమ్మం నుంచి పక్కకు జరిగి, ఒక మీటరు కొలిచి, పెన్సిల్‌తో గుర్తు పెట్టా. హాలు వైపు కొలిచా. ఆ "హాలు వైపు" దగ్గర కాసేపు ఆగండి, నేను ఆగలేదు.

గోడ తొలిచేటప్పుడు కంటితో లోపలికి చూడలేం, పొడి రంగే చెప్పాలి. మొదట బూడిద రంగు పొడి రాలింది. సిమెంటు పూత. తర్వాత ఎర్రటి పొడి, చాలాసేపు. ఇటుక. మళ్లీ బూడిద రంగు మొదలైందంటే అవతలి పూత దగ్గరికొచ్చామని. అప్పుడు డ్రిల్లుకున్న సుత్తి దెబ్బ ఆపేసి, వట్టిగా తిప్పుతూ మెల్లగా పోవాలి, లేకపోతే అవతల అరచేయంత పెచ్చు ఊడుతుంది. కింద చాట పట్టుకుని నిలబడ్డ మా ఆవిడకు ఇదంతా వివరిస్తూ, ఏ మాటకామాటే చెప్పాలి, చాలా బాగా చేస్తున్నా. సుత్తి ఆపా. మెల్లగా తోశా. బిట్ సుళువుగా జారింది. అవతలికి తేలింది!

అప్పుడు నాలుగో రంగు పొడి వచ్చింది.

ఎరుపు కాదు, బూడిద రంగూ కాదు. చాక్లెట్‌లో కొంచెం ఊదా కలిపినట్టుంది. మెత్తగా ఉంది. బిట్ మెలికల వెంబడి సన్నగా ధారలా నా మోచేతి మీదికి జారుతోంది. ఇటుక ఇంత మెత్తగా ఉండదు. పాత కట్టడం కదా, అప్పట్లో మట్టితో కట్టి ఉంటారని మా ఆవిడకు చెప్పా. సున్నం, బెల్లం కలిపి కట్టేవాళ్లని కూడా చెప్పా. ఆమె చాటలోది వేలితో తీసి వాసన చూసింది.

"రాగిపిండి," అంది.

"గోడలో రాగిపిండేంటి?" అన్నా, ఇంకాస్త తోస్తూ.

గోడవతల నుంచి ఓనరమ్మ కేక వినపడింది. "ఏమయ్యో, ఇట్లా రా! అల్మారాలో ఏందో తిరుగుతాండాది!"

మా బెడ్రూం గుమ్మం నుంచి బెడ్రూం మూల దాకా గోడ డెబ్భై సెంటీమీటర్లే. హాలు వైపు మాత్రం ఆ గోడ సాగుతూనే ఉంటుంది, కానీ మూల దాటాక దాని వెనక ఉన్నది మా బెడ్రూం కాదు, వాళ్ల వంటిల్లు. రెండు వైపులా కొలిచి ఉంటే తెలిసేది. ఒక మీటరు దగ్గర పెట్టిన బొక్క నేరుగా వాళ్ల కడప బండ అల్మారాలో రెండో అరకు, గోడకు ఆనించి పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలోకి చేరింది. అందులో మొన్ననే మరాడించిన నాలుగు కేజీల రాగిపిండి. అడుగున్నర బిట్, అడుగుకు తక్కువ గోడ. మిగిలిన జానెడూ డబ్బాలో గరిటలా తిరుగుతోంది. సంగటి కెలకడమొకటే తక్కువ.

సార్ బనీనుతో వచ్చాడు. నేను స్టూలు దిగలేదు. దిగాలంటే డ్రిల్లు వదలాలి, వదిలితే అది గోడకు అలాగే వేలాడేట్టుంది.

"ఎవర్నడిగి పెట్టినావప్పా?"

"మిమ్మల్నే సార్. మెసేజ్ పెట్టినా కదా. మీరు సరే అన్నారు."

"నేనెప్పుడన్నా?"

"బొటనవేలు పెట్టినారు."

సార్ లోపలికి పోయి కళ్లజోడు, ఫోను తెచ్చుకున్నాడు. మా సోఫాలో కూర్చున్నాడు. పైకి జరుపుకుంటూ పోయాడు, దొరికింది. ఆ మెసేజ్‌ను ఆయన చదవడం అదే మొదటిసారని వేలు కదిలే తీరులోనే తెలుస్తోంది. గట్టిగా చదివాడు, ఒక్కో వాక్యానికీ నా వైపు చూస్తూ. మూడు రోజులు చదవడానికి తీరని మనిషికి, దుమ్ములో నేను స్టూలు మీద నిలబడి ఉంటే ఎంత తీరికొచ్చిందో! "ఫోన్ టవర్ కాదు సార్" దగ్గర ఆగి, "టవరని నేనన్నానా? నువ్వెందుకు తెచ్చినావా మాట?" అన్నాడు. "చిన్న బల్బంత" దగ్గర ఎన్ని వాట్లని అడిగాడు. పన్నెండు అన్నా. తలూపాడు. "ఎనిమిది మి.మీ." దగ్గరికొచ్చేసరికి లేచాడు.

నన్ను బిట్ బయటికి లాగమన్నాడు. లాగా. వెంట ఇంకో గుప్పెడు పిండి. ఆయన బొక్కలో చిటికెన వేలు పెట్టాడు. సులువుగా దూరింది.

"ఇది ఎనిమిదా?"

"పదహారు సార్. తల పట్టలేదు."

"అర్జీలో ఎనిమిది, పనిలో పదహారు. అర్జీలో బెడ్రూం, పనిలో మా వంటిల్లు."

"కానీ సార్, ఆ బొటనవేలు..."

"అది అద్దె ముట్టినట్టుకి. ముట్టినట్టు పెట్టే సంతకం వేరు, మంజూరు సంతకం వేరు. ముప్పై మూడేండ్లు సర్వీసు చేసినా, నాకు చెప్తావా?"

రెండింటికీ ఒకే బొమ్మ వాడితే ఎదుటివాడికెట్లా తెలుస్తుందని అడగాలనిపించింది. నా మోచేతి మీద రాగిపిండి చూసుకుని అడగలేదు.

నాలుగు కేజీలు కొనిచ్చా. మరాడించి తెస్తే ఓనరమ్మ చూసి, గరుకుగా ఉందంది. బొక్కలో మా వైపు సిమెంటు పెట్టా. వాళ్ల వైపు సార్ ఎవరినీ ముట్టుకోనీకుండా పేపరు ఉండ కుక్కి ఉంచాడు, నాకు చూపించడానికేననుకుంటా. కేబుల్ చుట్ట అలాగే ఉంది. యాక్సెస్ పాయింట్ డబ్బా విప్పలేదు.

రాత్రి సార్‌కు కొత్త మెసేజ్ పంపా. గుమ్మం నుంచి నలభై సెంటీమీటర్లు, పదహారు మి.మీ., రెండు వైపులా కొలిచిన ఫొటోలతో. నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. పొద్దున్నే నీళ్ల బిల్లులో మా సగం కూడా పంపాలి. డబ్బులు చేతిలోనే ఉన్నాయి, పంపడం లేదు. పంపితే బొటనవేలొస్తుంది.