నా ఫోనులో పదకొండు మంది పైడిరాజులు

విత్తనాల సంస్థ తరఫున విజయనగరం జిల్లా పల్లెల్లో రైతులను కలిసే ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఎదుటి మనిషి పేరును మాటల మధ్య మూడుసార్లు పలికితే ఇక మరచిపోమని మాకు శిక్షణలో నేర్పారు. ఆ సలహా ఇచ్చినవారు మా వైపు ఒక్క పూటైనా తిరిగి ఉండరని నా అనుమానం. నాకంటే ఇరవై ఏళ్లు పెద్దవారిని పేరు పెట్టి మూడుసార్లు పిలిస్తే పొగరనుకుంటారు. పైగా పైడితల్లి అమ్మవారి పేరు కలిసిన మనుషులు మాకు ఊరూరా ఉంటారు. నా ఫోనులో పైడిరాజులే పదకొండు మంది. పేరు గుర్తున్నంత మాత్రాన ఏ పైడిరాజో తెలియదు కదా.

అందుకే కలిసిన ప్రతి మనిషి గురించీ నాలుగు ముక్కలు రాసుకోవడం మొదలుపెట్టాను. అందులోనూ మొదట పెద్ద పొరపాటే చేశాను. రోజంతా తిరిగి, రాత్రి ఇంటికి వచ్చి, భోజనం చేశాక ఎనిమిది మంది గురించి వరుసగా రాసేవాణ్ణి. ఒకసారి బొండపల్లి వైపు ఒక రైతును వాళ్ల అమ్మాయి నర్సింగ్ చదువు ఎలా సాగుతోందని అడిగాను. ఆయనకు ఆడపిల్లలే లేరు. ఆ అమ్మాయి అదే రోజు నేను కలిసిన మరొకరి కూతురు. ఆయన నవ్వి ఊరుకున్నారు గానీ, ఆ తర్వాత నేను ఏమడిగినా ముక్తసరిగానే జవాబు చెప్పారు. మరచిపోతే అడిగి తెలుసుకోవచ్చు. ఒకరి సంగతి మరొకరికి అంటగడితే సర్దుకోవడం కష్టం.

హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాల వరుసలను తానే కంఠస్థం చేసి, మరపు మొదటి గంటలోనే అతి వేగంగా సాగి ఆ తర్వాత నెమ్మదిస్తుందని 1885లో ప్రకటించాడు. మనం మాట్లాడుకునే మాటలు అర్థంలేని అక్షరాలు కావు కాబట్టి ఆ లెక్క ఉన్నదున్నట్టు మనకు వర్తించదు. అయితే పేరు మాత్రం ఇంచుమించు అలాంటిదే. కమ్మరి అనగానే కొలిమి, సుత్తి కళ్ల ముందు కదులుతాయి. పైడిరాజు అనగానే ఆ మనిషి గురించి ఏమీ కదలదు. కాబట్టి పేరును ఏదో ఒక సంగతికి కట్టివేయాలి, అదీ మరో ఇంటి గుమ్మం తొక్కకముందే.

ఇప్పుడు బండి ఎక్కి, ఊరి మలుపు దాటి, చెట్టు నీడన ఆగి రెండు నిమిషాల్లో రాస్తాను. మనిషి ఎదుట రాయను, ఎందుకంటే కాగితం తీయగానే మాట ఆగిపోతుంది. మొన్నటి నవంబరులో గంట్యాడ దారిలో రాసుకున్నది ఇది: “12వ తేదీ. పైడిరాజు, వేపచెట్టు ఇల్లు, ఎడమ చెయ్యి వాటం. మొక్కజొన్న రెండెకరాలు, విత్తి 18 రోజులు, మొవ్వులో కత్తెర పురుగు. మందు రేపు కొడతానన్నారు. తమ్ముడు చెన్నైలో, పండక్కి వస్తాడట. మళ్లీ వెళ్లినప్పుడు మొవ్వు చూడాలి.”

ఇందులో అన్నిటికంటే విలువైనది చివరి వాక్యం. తేలకుండా మిగిలిన సంగతి ఏదో అక్కడ ఉంటుంది, మళ్లీ కలిసినప్పుడు మాట అక్కడి నుంచే మొదలవుతుంది. తొమ్మిది రోజుల తర్వాత వెళ్లి, “మొవ్వులో కొత్త రెట్ట కనబడుతోందా బాబూ?” అని అడిగాను. తాజా రెట్ట ఉంటే పురుగు ఇంకా లోపల బతికే ఉన్నట్టు. “నీకు గుర్తుండిపోనాదేటి!” అంటూ ఆయనే నన్ను చేలోకి తీసుకువెళ్లారు. తమ్ముడి ఊసు నేను ఎత్తలేదు. రాసుకున్నదంతా ఒకేసారి అప్పజెబితే వీడు మన ఇంటి మీద కన్నేశాడనుకుంటారు. ఒక్కటి అడిగితే మిగతావి వాళ్లే చెబుతారు.

విన్న మాటనూ, నేను ఊహించిన దాన్నీ కలపకుండా జాగ్రత్తపడతాను. “అప్పుల్లో ఉన్నట్టున్నారు” వంటివి అసలు రాయను. పైకి చెప్పుకోని జబ్బులు, ఇంటి గొడవలు కూడా అంతే. ఆ పుస్తకం ఏ టీ కొట్టులోనో మరచిపోయి వస్తే చదివేవారికి అడ్డేముంటుంది? తేదీ మాత్రం తప్పక వేస్తాను. ఏడాది కిందట “నాన్నగారికి మోకాళ్ల నొప్పి” అన్నవారిని ఇప్పుడు నొప్పి తగ్గిందా అని అడగలేం, ఆ పెద్దాయన ఉన్నారో లేరో తెలియదు. పాతబడిన కబురైతే “ఇంట్లో అందరూ ఎలా ఉన్నారు?” అని ఊరుకుంటాను.

రాసుకుని పలకరించడం నటన కాదా అని మా సహోద్యోగి ఒకరు వెక్కిరిస్తుంటారు. పెళ్లి చదివింపులు ఎవరెంత ఇచ్చారో పుస్తకంలో రాసి, ఏళ్ల తర్వాత ఆ పుస్తకం తీసి చూసుకుని, వాళ్ల ఇంటి పెళ్లికి వెళ్లే మనం ఈ ప్రశ్న అడగడమేమిటో నాకు అర్థం కాదు.