కొబ్బరి మొవ్వు దాటిన బంతి పైన ఎంతసేపు ఉంటుంది?

దాళ్వా కోతలు అయిపోయాక కోనసీమ చేలన్నీ పిల్లలకు క్రికెట్ మైదానాలే. గట్టు మీద పదిహేను మీటర్ల కొబ్బరిచెట్టు ఒకటి ఉందనుకుందాం. దాని పక్కన నిలబడి ఒక కుర్రాడు బంతిని నిట్టనిలువుగా విసిరాడు. బంతి మొవ్వు దాటి పైకి వెళ్లి, మళ్లీ కిందికి వచ్చింది. మొవ్వుకన్నా పైన అది ఎంతసేపు ఉంది?

పదో తరగతిలో వర్గ సమీకరణాలు, ఇంటర్‌లో వర్గ సమాసాలు చదివిన పిల్లలకు ఈ లెక్కకు కావలసిన సరంజామా అంతా ఉంది. అయినా చాలామంది రెండు మూలాలు కనుక్కుని, వాటి చుట్టూ గడి గీసి ఆగిపోతారు. తప్పు వాళ్లది కాదని నా అభిప్రాయం. మనం లెక్కను నేల దగ్గర మొదలుపెట్టి నేర్పుతున్నాం. దాన్ని శిఖరం దగ్గర మొదలుపెట్టాలి.

ముందు మామూలు దారిలోనే చేద్దాం. బంతి తొలివేగం సెకనుకు 20 మీటర్లు, అంటే గంటకు 72 కిలోమీటర్లు. చేతిబలం ఉన్న కుర్రాడు విసరగలిగిన వేగమే. గురుత్వ త్వరణాన్ని 10గా తీసుకుని, చేతి ఎత్తును వదిలేస్తే, t సెకన్ల తర్వాత బంతి ఎత్తు h = 20t − 5t². ఇది 15 కన్నా ఎక్కువగా ఉండాలి కాబట్టి −5t² + 20t − 15 > 0.

చిక్కంతా ఇక్కడే వస్తుంది. రెండు వైపులా −5తో భాగిస్తే అసమానత గుర్తు తిరగబడాలి. అప్పుడు t² − 4t + 3 < 0, అంటే (t − 1)(t − 3) < 0 అవుతుంది. లబ్ధం ఋణాత్మకం కావాలంటే ఒక కారణాంకం ధనాత్మకంగా, రెండోది ఋణాత్మకంగా ఉండాలి. అది 1 < t < 3 అయినప్పుడే కుదురుతుంది. గుర్తు తిప్పడం మరిచిపోయిన పిల్లవాడికి t < 1 లేదా t > 3 అని వస్తుంది. అది బంతి మొవ్వుకు కింద ఉన్న సమయం. అడిగినదానికి సరిగ్గా వ్యతిరేకమైన జవాబు అన్నమాట. ఇంకొందరు సమీకరణం అలవాటుతో t < 1, t < 3 అని రెండు విడి ముక్కలు రాస్తారు.

ఈ తప్పులను పట్టుకోవడానికి ఏ సూత్రమూ అక్కర్లేదు. t = 0 దగ్గర బంతి చేతిలోనే ఉంది, కాబట్టి ఆ క్షణం జవాబులో ఉండకూడదు. t = 2 దగ్గర ఎత్తు 40 − 20 = 20 మీటర్లు, కాబట్టి ఆ క్షణం జవాబులో ఉండి తీరాలి. ఈ రెండు విలువలు వేసి చూసుకోమని చెబితే చాలు. ‘మూలాల మధ్య సమాసం సంజ్ఞ t² గుణకం సంజ్ఞకు వ్యతిరేకం’ అన్న నియమం బట్టీ పట్టి మరిచిపోయిన పిల్లవాడు కూడా ఒడ్డున పడతాడు.

ఇప్పుడు ఇదే లెక్కను శిఖరం నుంచి చూద్దాం. వర్గాన్ని పూర్తి చేస్తే h = 20 − 5(t − 2)². బంతి అత్యధిక ఎత్తు 20 మీటర్లు, అక్కడికి చేరే సమయం 2 సెకన్లు అని ఈ ఒక్క వరుసే చెబుతోంది. ఎత్తు 15 దాటాలంటే శిఖరం నుంచి తరుగు 5 మీటర్ల లోపే ఉండాలి. అంటే 5(t − 2)² < 5. కాబట్టి t అనేది 2కు అటూ ఇటూ ఒక సెకను లోపే ఉండాలి. జవాబు మళ్లీ అదే, 1 నుంచి 3 వరకు. గుర్తు తిప్పే పని లేదు, కారణాంకాలు వెతికే పని లేదు. రెండు మూలాలు ఎందుకు వచ్చాయో కూడా కంటికి కనిపిస్తుంది. ఒకటి పైకి వెళుతూ మొవ్వును దాటిన క్షణం, రెండోది దిగుతూ దాటిన క్షణం.

ఈ దారిలో ఇంకో సంగతి బయటపడుతుంది. నాకు ఈ లెక్కలో అన్నిటికన్నా ఇష్టమైనది అదే. బంతి గాలిలో ఉన్నది మొత్తం 4 సెకన్లు. అందులో 2 సెకన్లు పై 5 మీటర్లలోనే గడిచాయి. ఎత్తులో పావు వంతుకు సమయంలో సగం పట్టిందన్నమాట. ఎంత వేగంతో విసిరినా ఈ నిష్పత్తి మారదు. ఇంకా గట్టిగా, 25 మీటర్ల వేగంతో విసిరితే శిఖరం 31.25 మీటర్లకు పెరుగుతుంది కానీ, పై 5 మీటర్లలో గడిపేది అప్పుడూ 2 సెకన్లే. ఏ ఎత్తుకు పైన ఎంతసేపు అన్నది శిఖరం ఆ ఎత్తుకు ఎంత పైన ఉందన్న దాన్ని బట్టే తేలుతుంది. బంతి పైన కాసేపు ఆగినట్టు మనకు అనిపించేది కూడా ఇందుకే.

విచక్షణికి అర్థం ఇక్కడే దొరుకుతుంది. ఎత్తు h దాటే లెక్కకు సమీకరణం 5t² − 20t + h = 0, విచక్షణి 400 − 20h. h = 25 వేస్తే అది ఋణాత్మకం, అంటే బంతి అంత ఎత్తుకు వెళ్లనే లేదు. h = 20 అయితే సున్నా, తాకి తిరిగి వచ్చింది. h = 15 అయితే 100. దాని వర్గమూలం 10ని 5తో భాగిస్తే 2, మనం వెతికిన వ్యవధి. మూలాలు ఉన్నాయా లేవా అని చూసి పక్కన పడేసే విచక్షణిలోనే జవాబు ఉంది. పాఠంలో ఈ మాట చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది.

విసిరే చోటు మారితే జాగ్రత్త పడాల్సిన చోటు కూడా మారుతుంది. తీరంలోని తుఫాను షెల్టర్ డాబా 10 మీటర్ల ఎత్తులో ఉందనుకోండి. అక్కడి నుంచి అదే వేగంతో విసిరిన బంతి నేలకు 5 మీటర్ల పైన ఎంతసేపు ఉంటుంది? 10 + 20t − 5t² > 5 నుంచి t² − 4t − 1 < 0 వస్తుంది. మూలాలు 2 − √5, 2 + √5, అంటే సుమారు −0.24, 4.24. వ్యవధి రెండింటి తేడా, 4.47 సెకన్లు అని రాస్తే తప్పు. విసరకముందు ఈ సమీకరణం చెల్లదు. బంతి మొదటి నుంచే 5 మీటర్ల పైన ఉంది కాబట్టి జవాబు 0 నుంచి 4.24 సెకన్ల వరకు. ఋణ మూలం మాత్రం అర్థం లేనిది కాదు. 5 మీటర్ల ఎత్తు నుంచి 0.24 సెకన్ల ముందు, ఇంకాస్త ఎక్కువ వేగంతో విసిరి ఉంటే బంతి ఇదే పరావలయం మీద సాగేదని అది చెబుతోంది.

ఇదంతా గాలిని లెక్కలోకి తీసుకోకుండా చెప్పింది. ఈ వేగంలో క్రికెట్ బంతిని గాలి బాగానే ఆపుతుంది. నిజంగా విసిరితే శిఖరం 20 మీటర్లకు రెండు మీటర్ల వరకు తగ్గవచ్చు, ఎక్కడానికన్నా దిగడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది. కానీ శిఖరం దగ్గర బంతి నెమ్మదిగా ఉంటుంది, గాలి నిరోధం అక్కడ చాలా తక్కువ. కాబట్టి సూత్రం బాగా నమ్మదగిన చోటు కూడా శిఖరమే.

దీన్ని ఫోన్‌తో పరీక్షించవచ్చు. చెట్టు పక్కనే నిలబడి విసరాలి, వీడియో దూరం నుంచి తీయాలి. దగ్గర నుంచి తీస్తే చూపు వాలు వల్ల బంతి మొవ్వు దాటిన క్షణం తప్పుగా పడుతుంది. సెకనుకు 30 ఫ్రేములు తీసే ఫోన్‌లో బంతి మొవ్వు పైన 45 ఫ్రేములు కనిపించిందంటే వ్యవధి 1.5 సెకన్లు. అందులో సగం, 0.75 సెకన్లు, శిఖరం నుంచి మొవ్వు దాకా దిగడానికి పట్టిన సమయం. 5 × 0.75² చేస్తే సుమారు 2.8 మీటర్లు. చెట్టు 15 మీటర్లు కాబట్టి బంతి 17.8 మీటర్ల దాకా వెళ్లింది. ఇందులో విసిరిన వేగం ఎక్కడా అవసరం పడలేదు.