నష్టమొస్తే తప్పు చేసినట్టేనా బావగారూ?

రాత్రి ఫోన్లో మా బావగారితో గొడవైంది. నిద్ర పట్టలేదు, అందుకే ఇక్కడ కక్కేస్తున్నా. ఆయన షేర్లు కొనుక్కున్న ఒక కంపెనీ రెండేళ్ల కిందట ఇంకో కంపెనీని కొంది. ఆ కొన్నది కాస్తా మునిగింది, షేరు సగానికి పడింది. బావగారు తీర్పు చెప్పేశారు: "ఆ డైరెక్టర్ల ఇళ్లు అమ్మించి మా డబ్బు మాకిప్పించాలి. లేకపోతే కోర్టులెందుకు?"

"నిజాయితీగా తీసుకున్న నిర్ణయం బెడిసికొట్టినంత మాత్రాన కోర్టులు డైరెక్టర్ల జేబులు తడమవండీ" అన్నాను. అంతే. "ఓహో, నువ్వు వాళ్ల మనిషివన్నమాట" అనేసి ఫోన్ పెట్టేశారు.

వాళ్ల మనిషినట! కంపెనీ సెక్రటరీగా ఇన్నేళ్లూ బోర్డు రూముల్లో మూల కుర్చీలో కూర్చుని మినిట్స్ రాసిన నన్ను పట్టుకుని! డైరెక్టర్ల మీద నాకున్న మంటలో పదో వంతు కూడా ఆయనకుండదు. ఆ మంట సంగతి తర్వాత. ముందు బావగారి లెక్క తేల్చాలి.

అమెరికాలో, ముఖ్యంగా పెద్ద కంపెనీలు చాలావరకు రిజిస్టరై ఉండే డెలావేర్‌లో, బిజినెస్ జడ్జ్‌మెంట్ రూల్ అని ఒకటుంది. పేరు చూసి జడిసిపోనక్కర్లేదు. కేసు వినడం మొదలుపెట్టేటప్పుడు కోర్టు ఎటువైపు మొగ్గి కూర్చుంటుందో చెప్పే సూత్రం అది. డైరెక్టర్లు విషయం తెలుసుకునే, మంచి మనసుతోనే, కంపెనీకి మేలనుకునే ఆ నిర్ణయం తీసుకున్నారని కోర్టు ముందుగానే అనుకుంటుంది. కాదని రుజువు చేయాల్సిన బరువు కేసు వేసినవాడిది. ఆ నిర్ణయంలో డైరెక్టరుకు సొంత లాభం ఉందని చూపించాలి, లేదా దురుద్దేశం ఉందని చూపించాలి, లేదా విషయం తెలుసుకోవడంలో ఘోరమైన నిర్లక్ష్యం చేశారని చూపించాలి. అవేవీ చూపించలేకపోతే జడ్జి ఆ నిర్ణయం తెలివైనదా, తెలివితక్కువదా అన్న చర్చలోకే దిగడు. "నష్టమొచ్చింది" అన్న మాట ఈ జాబితాలో ఎక్కడా లేదు, గమనించారా బావగారూ?

ఎందుకు లేదో చిన్న లెక్క. వంద పెట్టే ప్రాజెక్టు ఒకటి ఉందనుకోండి. సగం అవకాశంతో మూడొందలు వస్తాయి, సగం అవకాశంతో మొత్తం పోతుంది. సగటున నూటయాభై, అంటే మంచి బేరమే. పది కంపెనీల్లో షేర్లున్న బావగారి లాంటివాళ్లకు ప్రతి కంపెనీ ఇలాంటి బేరాలు చేస్తేనే లాభం. ఇప్పుడు చెయ్యెత్తాల్సిన డైరెక్టరు సంగతి చూడండి. ఆయన వాటా ఒక శాతం. గెలిస్తే వచ్చే రెండొందల లాభంలో ఆయనకు దక్కేది రెండు. ఓడితే బావగారి ధర్మశాస్త్రం ప్రకారం జేబులోంచి వంద కట్టాలి. చెయ్యెత్తుతాడా? జన్మలో ఎత్తడు. కంపెనీ డబ్బంతా బ్యాంకులో వేసి కూర్చుంటాడు. అప్పుడు మళ్లీ ఈ బావగారే "చేతకాని బోర్డు, డబ్బు మీద కూర్చున్నారు" అని తిడతారు. (తిట్టారు కూడా. పోయినేడాది, ఇదే కంపెనీని.)

పైగా ఫలితం తెలిశాక ఎవడైనా జ్ఞానే. ఫైల్లో ఆ రోజు ఆరు హెచ్చరికలుంటాయి, ఆరు ఆశలుంటాయి. మునిగాక హెచ్చరికలు ఎర్రగా మెరుస్తాయి, ఆశలు కనపడవు. తేలితే అదే ఫైలు తిరగబడుతుంది. జడ్జికి ఆ సంగతి తెలుసు. తను వ్యాపారి కాదని కూడా తెలుసు. బావగారికి ఈ రెండోది తన గురించి ఇంకా తెలియలేదు.

సరే, ఆయన్ని ఒప్పించే ఉదాహరణ ఇవ్వాలి కదా అని రాత్రి ఒకటి చెప్పాను, నా నెత్తికే చుట్టుకుంది. 1976లో న్యూయార్క్ కోర్టు తేల్చిన కామిన్ కేసు. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ 1972లో ఒక బ్రోకరేజ్ సంస్థ షేర్లు 2.99 కోట్ల డాలర్లు పెట్టి కొంది. మూడేళ్లు తిరిగేసరికి వాటి విలువ సుమారు 40 లక్షల డాలర్లు! వాటిని బజారులో అమ్మేస్తే ఆ నష్టం చూపించి 80 లక్షల దాకా పన్ను మిగుల్చుకోవచ్చని షేర్‌హోల్డర్లు మొత్తుకున్నారు. బోర్డు అమ్మలేదు. ఆ షేర్లనే డివిడెండ్ కింద షేర్‌హోల్డర్లకు పంచిపెట్టింది. ఎందుకో తెలుసా? అమ్మితే లాభనష్టాల పట్టికలో రెండున్నర కోట్ల నష్టం కనిపిస్తుందట, షేరు ధర దెబ్బతింటుందట. పంచితే ఆ నష్టం ఆ పట్టిక మొహం చూడకుండా పక్కదారిన వెళ్లిపోతుంది. అద్దంలో మొహం బాగుండాలని 80 లక్షలు వదులుకున్నారన్నమాట. కోర్టు ఏమంది? బోర్డు ఈ విషయం మీద కూర్చుంది, ఆలోచించింది, ఒక కారణంతో నిర్ణయించింది, అది మంచి కారణమా కాదా అన్నది మా పని కాదు అంది. కేసు కొట్టేసింది.

"చూశావా, దొంగలకు కాపలా!" అన్నారు బావగారు. నిజం చెప్పనా? చదివినప్పుడల్లా ఈ కేసు నాకూ మండిస్తుంది. కానీ అక్కడ గట్టి మాట ఒకటుంది: వాళ్లు కూర్చున్నారు, ఆలోచించారు. కోర్టు చూసేది అదే. ఎంత పోయిందని కాదు, ఎలా నిర్ణయించారని.

దీనికి సరిగ్గా తలకిందులుగా ఉండే కేసు ఇంకోటి ఉంది. ఇది మాత్రం బావగారి కోసం కాదు, నా పాత కచ్చ కోసం చెబుతున్నా. డైరెక్టర్లెవరైనా చదువుతుంటే కాస్త కుర్చీలో సర్దుకుని కూర్చోండి.

ట్రాన్స్ యూనియన్ అని షికాగోలో రైలు వ్యాగన్లు అద్దెకిచ్చే కంపెనీ. అధిపతి జెరోమ్ వాన్ గోర్కమ్, రిటైర్మెంటు దగ్గర పడింది. 1980 సెప్టెంబరులో ఆయనే తిన్నగా జే ప్రిట్జ్‌కర్ అనే పెద్ద కొనుగోలుదారు దగ్గరికి వెళ్లి, షేరుకు 55 డాలర్లిస్తే కంపెనీ అమ్మొచ్చన్నారు. ఆ 55 ఎక్కణ్నుంచి వచ్చింది? కంపెనీ అసలు విలువెంతో ఎవరూ కట్టలేదు. అప్పు తెచ్చి కొనేవాడు ఎంతవరకు మోయగలడో అన్న లెక్క మాత్రం వేశారు. ఆ రెండూ ఒకటి కాదని చెప్పడానికి చార్టర్డ్ అకౌంటెంట్ అవసరం లేదు. ఇల్లు ఎంత చేస్తుందని అడిగితే, కొనేవాడికి ఎంత లోను వస్తుందో చెప్పినట్టుంది.

20వ తేదీ, శనివారం, బోర్డు మీటింగ్. ప్రిట్జ్‌కర్‌కు ఆదివారం కల్లా జవాబు కావాలి. మీటింగ్ ఎందుకో డైరెక్టర్లలో చాలామందికి అక్కడికి వచ్చేదాకా తెలియదు. వాన్ గోర్కమ్ 20 నిమిషాలు నోటితో చెప్పారు. కాగితం ముక్క లేదు. ఒప్పందం ప్రతులు వచ్చేసరికి చదివే టైము లేదు. ఫైనాన్స్ అధికారి మాత్రం, సరసమైన ధరల శ్రేణి ఒకటి ఉంటే 55 దాని మొదట్లో ఉంటుందని సన్నగా అన్నాడు. మరి ఆ శ్రేణి ఎక్కడిదాకా పోతుందని ఒక్కరూ అడగలేదు. రెండు గంటల్లో సరే అనేశారు. వీళ్లేమీ అమాయకులు కారు, బయటి డైరెక్టర్లలో నలుగురు పెద్ద కంపెనీల అధిపతులు. ఆ రాత్రే ఒక ఆపెరా వేడుకలో వాన్ గోర్కమ్ ఒప్పందం మీద సంతకం చేశారు. సంతకానికి ముందు దాన్ని ఆయనా చదవలేదు, ఏ డైరెక్టరూ చదవలేదు.

ఇప్పుడు తమాషా చూడండి. షేరు బజారు ధర ముందు రోజు 37.25 డాలర్లు. 55 అంటే దాదాపు 48 శాతం ఎక్కువ. తర్వాత షేర్‌హోల్డర్లు భారీ మెజారిటీతో ఒప్పుకున్నారు కూడా. బావగారి కొలబద్దతో చూస్తే ఈ బోర్డుకు సన్మానం చేయాలి. కింది కోర్టు కూడా డైరెక్టర్లనే గెలిపించింది. కానీ 1985లో డెలావేర్ సుప్రీంకోర్టు 3-2తో తిరగేసింది. మీరు తెలుసుకోకుండా నిర్ణయించారు, ఇది ఘోర నిర్లక్ష్యం, ఆ రక్షణ మీకు లేదు పొమ్మంది. బజారు ధర కంటే ఎక్కువిచ్చారన్నది జవాబు కాదు, అసలు విలువెంతో మీకు తెలిస్తేగా అది ఎక్కువో తక్కువో తేలేది అంది. చివరికి 2.35 కోట్ల డాలర్లకు రాజీ. అందులో బీమా కంపెనీ ఇచ్చింది పోగా పెద్ద భాగం కొనుక్కున్నవాళ్లే భరించారు, అది డైరెక్టర్ల అదృష్టం.

ఎక్కువ ధర తెచ్చినవాళ్లు ఇరుక్కున్నారు, 80 లక్షలు వదిలేసినవాళ్లు బయటపడ్డారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి, రూలంతా అందులోనే ఉంది.

ఆ తీర్పుతో దేశమంతా డైరెక్టర్లు గగ్గోలు పెట్టారు. పాపం, కాగితాలు చదవమన్నారుగా! మరుసటి ఏడాది, 1986లో, డెలావేర్ చట్టసభ 102(బి)(7) అనే సెక్షన్ తెచ్చింది. నిర్లక్ష్యానికి డైరెక్టర్లు జేబులోంచి కట్టక్కర్లేదని కంపెనీ తన నిబంధనల్లో రాసుకోవచ్చు. దురుద్దేశానికి, సొంత లాభానికి, కంపెనీ పట్ల ద్రోహానికి మాత్రం ఆ మాఫీ లేదు. అంటే అలాంటి నిబంధన ఉన్న కంపెనీలో వాన్ గోర్కమ్ బోర్డు ఇవాళ అచ్చం అదే పని చేసినా, వట్టి నిర్లక్ష్యానికైతే పైసా కట్టక్కర్లేదు.

నా మంట ఇక్కడే. నిజాయితీగా తప్పు చేసినవాడికి రక్షణ ఉండాలి, నిన్న రాత్రి దాని కోసమే బావగారితో పడ్డాను. కానీ చదవనివాడికీ ఎందుకు? నాకు తెలిసిన ఒక డైరెక్టరు (పేరెందుకులెండి) మీటింగుకు పావుగంట లేటుగా ఫోన్లో కలుస్తారు. వెనక ఎయిర్‌పోర్టు అనౌన్స్‌మెంట్లు. "నేను సరే అన్నట్టు రాసేయండి, మినిట్స్‌లో 'విస్తృతంగా చర్చించారు' అని పెట్టండి" అంటారు. పెట్టనండీ! ఎన్నింటికి మొదలైంది, ఎన్నింటికి అయిపోయింది, ఏ కాగితం ముందున్నది, ఎవరేం అడిగారు, అవే రాస్తా. రేపు కేసొస్తే మిమ్మల్ని కాపాడేది అదే, ముంచేదీ అదే. విస్తృతమట, పదకొండు నిమిషాల విస్తృతం!

ఒకసారి ఒక కొనుగోలు ప్రతిపాదనలో "ఈ విలువ ఎవరు కట్టారు?" అని ఒక కొత్త డైరెక్టరు అడిగారు. ఒక్క ప్రశ్నే. గదిలో అందరూ ఆవిడ వైపు పెళ్లిలో తుమ్మినట్టు చూశారు. ఆ ప్రశ్నను పొల్లుపోకుండా రాశాను, జవాబు రావడానికి మీటింగ్ వాయిదా పడిందని కూడా రాశాను. నా ఉద్యోగంలో నాకు తృప్తినిచ్చిన వాక్యాలు లెక్కపెడితే అది మొదటిది.

ఇది రాస్తుండగా బావగారి మెసేజ్ వచ్చింది: "అయితే నా డబ్బు గతేంటి?" ముందు ఆ బోర్డు ఆ రోజు ఏం చదివిందో కనుక్కోండి బావగారూ, అప్పుడు మాట్లాడదాం. నాకు రేపు పదింటికి మీటింగ్ ఉంది. ఏడుగురు డైరెక్టర్లకు వారం కిందట ఫైలు పంపాను. ఇప్పటికి తెరిచింది ఇద్దరు.