ఐపీఓ వస్తే అమ్ముకోవచ్చులే అన్న మాట గురించి

విజయనగరం గంటస్తంభం దగ్గర చిన్న గది అద్దెకు తీసుకుని ఇరవై ఏళ్ళుగా ఆదాయపు పన్ను రిటర్నులు వేస్తున్నాను. నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది పింఛనుదారులు, పనిలో ఉన్న టీచర్లు, చిన్న వ్యాపారులు. పింఛను, బ్యాంకు వడ్డీ తప్ప వేరే ఆదాయం లేని వారికి ఐటీఆర్-1 సరిపోతుంది, పని పది నిమిషాల్లో అయిపోతుంది. ఈ మధ్య మాత్రం అలా అవడం లేదు. వాళ్ళ షేర్లుండే డీమ్యాట్ ఖాతా స్టేట్‌మెంటు తెరిస్తే ఏ ఎక్స్‌ఛేంజిలోనూ లేని కంపెనీల షేర్లు కనిపిస్తున్నాయి. ఈ విషయం ఇక్కడ వివరంగా రాయడానికి కారణం, ఆ షేర్లు కొన్నవారిలో ఒక్కరు కూడా వాటిని తిరిగి ఎలా అమ్మాలో కొనేముందు అడగలేదు. ఐపీఓ వస్తే, అంటే కంపెనీ మొదటిసారి జనానికి షేర్లు ఇచ్చి స్టాక్ ఎక్స్‌ఛేంజిలో లిస్టయితే, అప్పుడు అమ్ముకోవచ్చులే అనుకున్నారు.

2025 ఆగస్టులో రాజాం వైపు నుంచి రిటైరైన హెడ్‌మాస్టరు ఒకరు రిటర్ను వేయించుకోవడానికి వచ్చారు. షేర్లేమైనా ఉన్నాయా అని అందరినీ అడిగినట్టే ఆయన్నీ అడిగాను. సంచిలోంచి స్టేట్‌మెంటు తీసి ఇచ్చారు. అందులో ఒకే కంపెనీవి 600 షేర్లు ఉన్నాయి.

“మాస్టారూ, ఇది లిస్టు కాని కంపెనీ కదా, మీకెలా వచ్చింది?” అన్నాను.

“ప్రీ ఐపీఓ బాబూ. ఐపీఓ వచ్చిందంటే రెట్టింపు అవుతుందన్నారు. మా తోడల్లుడు కూడా తీసుకున్నాడు” అన్నారు.

2024 ఆగస్టులో షేరు 820 రూపాయల చొప్పున కొన్నారు. మొత్తం 4,92,000 రూపాయలు, అదీ రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులోంచి. ఆ లావాదేవీకి ఆయన దగ్గరున్న కాగితాలు రెండే: బ్యాంకు నుంచి డబ్బు పంపిన రసీదు, ఆ షేర్లు ఇప్పించిన ఏజెంటు ఫోనులో పెట్టిన మెసేజి. లిస్టయిన షేరు కొంటే బ్రోకరు 24 గంటల్లోగా కాంట్రాక్టు నోటు పంపాలి, డబ్బుకూ షేర్లకూ మధ్య క్లియరింగ్ కార్పొరేషన్ హామీగా నిలబడుతుంది. ఇక్కడ అవేవీ ఉండవు. ముందు మీరు డబ్బు పంపుతారు, తరువాత అమ్మేవాడు తన డీమ్యాట్ నుంచి మీ డీమ్యాట్‌కు ఎక్స్‌ఛేంజితో సంబంధం లేకుండా నేరుగా, అంటే ఆఫ్ మార్కెట్ బదిలీ చేస్తాడు. ఆ నడుమ గడిచే ఒకటి రెండు రోజులు మీకున్న ఆధారం అవతలివాడి మాట ఒక్కటే.

షేర్లయితే వచ్చాయి. అక్కడ మోసమేమీ జరగలేదు. చిక్కల్లా సెప్టెంబరులో మనవరాలి కాలేజీ ఫీజు కట్టవలసి వచ్చినప్పుడు మొదలైంది. అమ్మేద్దామనుకుని నా గదిలోంచే, నేను వింటుండగా, ఏజెంటుకు ఫోను చేశారు. “మార్కెట్ డల్‌గా ఉంది సార్, 610కి అయితే పార్టీని చూస్తాను. స్లిప్పు ముందు పంపండి, షేర్లు పడ్డాక డబ్బు వేస్తాం” అన్నాడు అవతలి మనిషి. ఆ ఉదయమే అదే ఏజెంటు తన వాట్సాప్ గ్రూపులో అదే షేరును 790కి ఇస్తానని మెసేజి పెట్టాడు. మాస్టారి ఫోనులోనే అది ఉంది, నేను కళ్ళారా చూశాను.

కొనేవారికి 790, అమ్మేవారికి 610. షేరుకు 180 రూపాయల తేడా, అంటే 600 షేర్ల మీద 1,08,000 రూపాయలు. పెద్ద లిస్టెడ్ కంపెనీలో ఈ రెండు ధరల మధ్య తేడా చాలాసార్లు పైసల్లో ఉంటుంది. ఇంకొక సంగతి గమనించండి: కొన్నప్పుడు ముందు డబ్బు ఆయనే పంపాలి, అమ్మేటప్పుడు ముందు షేర్లూ ఆయనే పంపాలి. షేర్లు బదిలీ చేయమని చెప్పే డెలివరీ ఇన్‌స్ట్రక్షన్ స్లిప్పు మీద సంతకం పెట్టి ఇచ్చేశాక డబ్బు రాకపోతే ఎవరిని అడుగుతారు? షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ దగ్గర నమోదు కాని ఏజెంటు మీద సెబీ ఫిర్యాదుల వేదిక స్కోర్స్‌లో ఫిర్యాదు పెట్టినా పని జరగదు. అనుమతి లేని ఎలక్ట్రానిక్ వేదికల మీద లిస్టు కాని కంపెనీల షేర్లు కొనవద్దనీ అమ్మవద్దనీ 2024 డిసెంబరులో సెబీ హెచ్చరిక ఇచ్చింది. అది మన ఊళ్ళ వాట్సాప్ గ్రూపుల దాకా రాలేదు. వచ్చింది ఏజెంట్ల రేటు పట్టికలు మాత్రమే.

ఈ 820 అన్న ధర ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే, ఒక పెద్ద ఫండ్ అంతకంటే ఎక్కువకు కొన్నదని మాస్టారికి చెప్పారట. అది నిజమే కావచ్చు. కానీ అలాంటి ఫండ్లు చాలాసార్లు కొనేది మామూలు షేర్లు కాదు, తరువాత మామూలు షేర్లుగా మారే ప్రిఫరెన్స్ షేర్లు. కంపెనీ దెబ్బ తింటే మిగిలిన సొమ్ములో ముందు వాటా వాళ్ళకు దక్కేలా ఒప్పందంలో రాసుకుంటారు. మాస్టారి షేర్లకు ఆ రక్షణ లేదు. ఎవరో ఉద్యోగి తన షేర్లు అమ్ముకుంటే అవి రెండు మూడు చేతులు మారి ఈయన దాకా వచ్చి ఉంటాయి. రెండింటికీ ఒకే ధర వేసి చూపించడం, పట్టా భూమి రేటు చెప్పి డి-పట్టా భూమి అంటగట్టడం లాంటిది.

కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో వంద రూపాయలు కడితే ఏ కంపెనీ దాఖలు చేసిన బ్యాలెన్స్ షీటయినా చూడవచ్చు. నేను ఆ పని చేశాను. కంపెనీకి మొత్తం 12 కోట్ల షేర్లున్నాయి. షేరు 820 అంటే కంపెనీ మొత్తానికి కట్టిన వెల 9,840 కోట్లు. లెక్కల్లో చూపిన ఏడాది లాభం 82 కోట్లు. అంటే మాస్టారు లాభానికి 120 రెట్లు చెల్లించారు. అదే వ్యాపారంలో ఉన్న లిస్టెడ్ కంపెనీలు అప్పుడు నలభై రెట్ల చుట్టుపక్కల దొరుకుతున్నాయి. నలభై రెట్లే వేసుకుంటే ఈ షేరు 273 రూపాయలు. ఎదుగుదల బాగుందని ఇంకా ఎక్కువ ఇచ్చినా 820 దాకా వెళ్ళడానికి ఆ కాగితాల్లో నాకు ఆధారం దొరకలేదు. పైగా ఆ లెక్కలు కూడా పాతవే. మార్చితో ముగిసిన ఏడాది లెక్కలు సెప్టెంబరు సర్వసభ్య సమావేశం తరువాత గానీ దాఖలు కావు, కాబట్టి ఆగస్టులో కొన్న మనిషికి అప్పటికి అందుబాటులో ఉండేవి దాదాపు ఏడాదిన్నర కిందటి అంకెలు.

ఇదంతా చెబితే మాస్టారు, “పోనీ బాబూ, ఐపీఓ వచ్చే వరకు ఆగుతాను” అన్నారు. అందరూ చివరికి ఆ మాట దగ్గరే ఆగుతారు. ఐపీఓ వచ్చాక ఏం జరుగుతుందో చూడడానికి ఆయన కంపెనీ అక్కరలేదు, అందరికీ తెలిసిన హెచ్‌డీబీ ఫైనాన్షియల్ సర్వీసెస్ ఉంది. 2022లో రిజర్వు బ్యాంకు దాన్ని బ్యాంకులు కాని ఆర్థిక సంస్థల్లో, అంటే ఎన్‌బీఎఫ్‌సీల్లో, పై శ్రేణి జాబితాలో చేర్చడంతో 2025 సెప్టెంబరు లోపు లిస్టు కావడం తప్పనిసరి అయింది. అంటే ఐపీఓ వస్తుందా రాదా అన్న అనుమానమే లేదు. ఆ ధీమాతోనే జనం ఎగబడ్డారు. ఐపీఓకు ముందు దాని షేరు బయట 1,200 రూపాయల పైచిలుకు పలికింది. 2025 జూన్‌లో కంపెనీ ప్రకటించిన ధర 700 నుంచి 740.

1,200 చొప్పున 500 షేర్లు కొన్నవారి సంగతి చూద్దాం. పెట్టినది 6,00,000. ఐపీఓ ధర ప్రకారం దాని విలువ 3,70,000. జూలై 2న 835 దగ్గర లిస్టయింది కాబట్టి 4,17,500 అనుకోండి. పేపర్లన్నీ దాదాపు 13 శాతం లాభంతో లిస్టయిందని రాశాయి. ఐపీఓలో కొన్నవారికి అది నిజమే. ముందుగా కొన్నవారికి మాత్రం ఆ రోజే 1,82,500 నష్టం. కంపెనీ చెడ్డదేమీ కాదు. 2024-25లో 2,176 కోట్ల లాభం చూపింది. 740 అంటే ఆ లాభానికి సుమారు 27 రెట్లు, 1,200 అంటే సుమారు 44 రెట్లు. లిస్టెడ్ పోటీ కంపెనీల ధరలతో పోల్చి పెద్ద సంస్థలు ఎంత ఇస్తాయో అడిగి ఐపీఓ ధర నిర్ణయిస్తారు. ఏజెంటు గ్రూపులో నడిచిన రేటును అక్కడ ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఆ నష్టానికైనా సరే అమ్ముకుని బయటపడదామంటే అదీ కుదరదు. ఐపీఓకు ముందు నుంచి షేర్లున్న మామూలు వాటాదారుకు, ఐపీఓ అలాట్‌మెంటు తేదీ నుంచి ఆరు నెలల పాటు లాక్ ఇన్ ఉంటుంది, అంటే ఆ షేర్లు అమ్మడానికి వీల్లేదు. 2021కి ముందు ఇది ఏడాది ఉండేది, సెబీ తగ్గించింది. హెచ్‌డీబీ విషయంలో ఆ గడువు డిసెంబరు నెలాఖరు దాకా నడిచింది. ఐపీఓలో షేర్లు దొరికినవాడు లిస్టయిన ఉదయమే అమ్ముకుని వెళ్ళిపోతాడు. ఏడాది ముందు ఎక్కువ ధర పెట్టి కొన్నవాడు ధర రోజూ ఎక్కడం దిగడం చూస్తూ ఆరు నెలలు కూర్చోవాలి. మాస్టారికి ఈ నిబంధన చెప్పినప్పుడు ఆయన ముఖం పాలిపోయింది. “ఆ అబ్బాయి ఈ మాట చెప్పలేదే” అన్నారు. నేను అడిగిన పదిమందిలో ఒక్కరికి కూడా ఏ ఏజెంటూ ఈ మాట చెప్పలేదు.

టాటా టెక్నాలజీస్ పేరెత్తేవారు ఉంటారని తెలుసు. 2023 నవంబరులో 500కు ఇచ్చిన షేరు 1,200 దగ్గర లిస్టయింది, బయట 900 పెట్టి కొన్నవారు కూడా లాభం చూశారు. కాదనను. కానీ ఐపీఓ ధర అక్కడ కూడా బయటి రేటుకు సగం దరిదాపుల్లోనే ఉంది, ముందుగా కొన్నవారికి లాక్ ఇన్ అక్కడా ఉంది. ఇక ఐపీఓ ఎప్పుడన్నది ఎవరి చేతిలోనూ ఉండదు. సాక్షాత్తు నేషనల్ స్టాక్ ఎక్స్‌ఛేంజే 2016 డిసెంబరులో పత్రాలు దాఖలు చేసి 2025 గడిచినా లిస్టు కాలేదు. దాని వాటాదారులకు ఈలోగా విలువ పెరిగింది, ఓపిక ఉన్నవారికి మంచిదే. డెబ్బయ్యేళ్ళ మనిషికి తొమ్మిదేళ్ళు ఆగమని ఎలా చెబుతాం?

ఈ షేర్లు ఎవరూ కొనకూడదని నేను అనడం లేదు. ప్రీ ఐపీఓ అన్న పేరుతో వీటిని పింఛనుదారులకు అమ్మడం తప్పు అంటున్నాను. ఐపీఓ తేదీ లేని కంపెనీకి ఆ పేరు పెట్టడమే తప్పుదారి పట్టించడం. అమ్మేవాడు తాను అమ్మే ధరతో పాటు అదే రోజు తిరిగి కొనే ధర కూడా రాసి ఇవ్వాలి, లాక్ ఇన్ గురించి ముందే చెప్పాలి. మీ ఏజెంటును ఈ రాత్రికే ఒక మెసేజి పెట్టి అడగండి: నా షేర్లు ఈ రోజు మీరే కొంటే ఎంతిస్తారు, డబ్బు ముందు వేస్తారా? జవాబు వచ్చిందో రాలేదో, వస్తే ఎంతకు వచ్చిందో చూస్తే మీ షేరు అసలు విలువ ఎంతో ఆ రేటు పట్టిక కంటే బాగా తెలుస్తుంది.

మాస్టారు స్లిప్పు ఇవ్వలేదు. ఫీజు డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్ విరగ్గొట్టి కట్టారు. లిస్టు కాని షేర్లు ఏడాదిలో ఏ రోజు చేతిలో ఉన్నా ఐటీఆర్-1 పనికిరాదు కాబట్టి ఆయనకు ఐటీఆర్-2 వేశాను. అందులో ఆ షేర్లకు విడిగా పట్టిక ఉంది. కంపెనీ పేరు, దాని పాన్, కొన్న తేదీ, షేర్ల సంఖ్య, కొన్న ధర వరసగా అడుగుతుంది. 600, 4,92,000 అని నింపాను. ఈ రోజు విలువ ఎంత అన్న గడి ఆ పట్టికలో లేదు. “అది కూడా రాస్తావా బాబూ?” అని మాస్టారు వంగి తెర మీదకు చూశారు.