గంప మీద ‘సవాళ్లు’ అని రాసి పెట్టండి

మా మేనకోడలు తన ఎమ్మెస్‌డబ్ల్యూ ప్రాజెక్టు రిపోర్టు నా ఒళ్లో పడేసి, "మావయ్యా, తెలుగు ఒకసారి చూసిపెట్టవా" అంది. చూశాను. ఆ పూట నుంచి అన్నం సయించడం లేదు. విశాఖ ఫిషింగ్ హార్బరులో చేపలు అమ్ముకునే 14 మంది ఆడవాళ్లతో మాట్లాడి పిల్ల తేల్చిన సంగతి ఇదీ:

"విశ్లేషణలో మూడు థీమ్‌లు ఉద్భవించాయి. మొదటిది సవాళ్లు. రెండోది కుటుంబం. మూడోది రవాణా. ఇవి ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి."

ఉద్భవించాయట! శివలింగాలా అవి, స్వయంభువులు కావడానికి? అనుమానం వచ్చి అనుబంధం తిరగేశాను. ప్రశ్నాపత్రంలో మూడే ప్రశ్నలు. మీకు ఎదురయ్యే సవాళ్లేమిటి, కుటుంబం సంగతేమిటి, రవాణా ఎలా. ఉద్భవించింది అక్కణ్నుంచి. అడిగిన ప్రశ్నల్నే థీమ్‌లుగా చూపిస్తే అది విశ్లేషణే కాదని, ఇంటర్వ్యూ మాటల్లోంచి ఇలా థీమ్‌లు తీసే థీమాటిక్ విశ్లేషణ పద్ధతికి పెద్దదిక్కులైన బ్రాన్, క్లార్క్ 2006 నాటి వ్యాసంలోనే రాశారు. మన గైడ్లకు ఆ వ్యాసం పేరు రిఫరెన్సుల పట్టీకి మాత్రమే పనికొస్తుంది.

ఇదే విద్యను హార్బరులో అమలు చేద్దాం. తెల్లారగట్ల వేలంపాట. గంపల మీద చీటీలు. ఒకదాని మీద ‘చేపలు’, ఇంకోదాని మీద ‘సముద్రం’, మూడోదాని మీద ‘ఆహారం’. పాటగాడు "సముద్రం, సముద్రం, ఎనిమిది వందలు!" అని అరుస్తాడు. "లోపలున్నది వంజరమా, కానాగంతలా?" అని కొనేవాడి సందేహం. "సముద్ర సంబంధిత అంశాలు" అని పాటగాడి జవాబు. "మరి ఆ చేపల గంపలో?" "అవీ సముద్రంలోవే. అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి." నాలుగో నిమిషానికి ఆ పాటగాణ్ని నీళ్లలోకి తోసేస్తారు. మన దగ్గర మాత్రం సంతకం పెట్టి బైండింగుకు పంపుతారు.

పేర్లు చెల్లవనడానికి రుజువు రిపోర్టులోనే ఉంది. ఒకామె అంది: "గంప సూసీసరికి ఆటోవోడు ఆపడు బాబూ. ఆపితే రెండు సార్జీలు, నాకొకటి గంపకొకటి." ఈ మాట 41వ పేజీలో సవాళ్ల కింద ఉంది. 47లో రవాణా కింద మళ్లీ అదే మాట, అదే అర్థంతో. ఒక మాట రెండు థీమ్‌లలో కనిపించడం తప్పేమీ కాదు, రెండు చోట్లా వేర్వేరు సంగతి చెబుతుంటే. ఇక్కడ చెప్పింది ఒకటే. అంటే మధ్యలో గోడ లేదు.

అసలు ఆమె చెప్పింది రవాణా గురించా? మనిషికి చార్జీ, గంపకు చార్జీ అంటే ఆటోవాడు ఆమెను సరుకుతో జమకట్టాడు. ఇంకొకామెను అపార్టుమెంటు లిఫ్టు ఎక్కనివ్వలేదు. అది కుటుంబం కింద పడింది, కొడుకు ప్రస్తావన ఉందని! నెత్తిన గంపతో నలభై నిమిషాలు నిలబడి, బేరం పోగొట్టుకుని, ఎవరికీ చెప్పనిది మీకు చెప్పిందయ్యా ఆ ఆటో మాట అన్నావిడ. దాన్ని తీసుకెళ్లి ‘సవాళ్లు’ అని రాస్తారా? సవాళ్లు కలెక్టరుకూ ఉంటాయి, క్రికెట్ టీముకూ ఉంటాయి. సిగ్గుండాలి.

పిల్లా నేనూ కూర్చున్నాం. ‘సవాళ్లు’ అట్టడబ్బా విప్పి ఒక్కో మాటా బయటికి తీశాం. దాదాపు అన్నీ మిగతా రెంటిలో సర్దుకున్నాయి. ఐసు ధర మీద రెండు మాటలు మిగిలితే, రెండు మాటలతో థీమ్ కాదని వదిలేశాం. ఒక్కో థీమ్‌లో ఏముందో, ఎంతవరకో రెండు వాక్యాల్లో చెప్పగలగాలని ఆ 2006 వ్యాసంలోనే ఒక పరీక్ష ఉంది. దానికి నిలిచేలా ఇలా తిరగరాశాం:

"ఇంటర్వ్యూల నుంచి రెండు థీమ్‌లను రూపొందించాం. మొదటిది ‘గంప ఉంటే ప్రయాణికురాలు కాదు, సరుకు’. ఆటోలోనో, బస్సులోనో, లిఫ్టులోనో గంపను చూసి ఆమెను కాదన్న సందర్భాలు ఇందులోకి వస్తాయి. అందరికీ ఒకేలా తగిలే చార్జీల పెంపు, దూరం రావు. రెండోది ‘సంపాదన ఆమెది, పెత్తనం ఇంకొకరిది’. ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధంలో ఆమె తెచ్చిన అప్పును ఎవరు ఖర్చు పెడతారన్నది ఇందులోకి వస్తుంది. రాబడి తగ్గడం ఒక్కటే అయితే రాదు. ‘ఆటోకీ ఆయన్నే అడగాల’ అన్న మాట రెండోదానిలో చేరింది. అక్కడ ఆమెను ఆపింది ఆటోవాడు కాదు, డబ్బు చేతిలో లేకపోవడం."

మధ్యలో పిల్లకు ‘గంప గోడు’ అన్న పేరు తెగ నచ్చింది. ప్రాస బాగుంది, కానీ ఏ గోడో చెప్పదు. కొట్టేశాను. మొహం మాడ్చుకుంది.

గైడు గారి దగ్గర్నుంచి మొన్న రిపోర్టు వెనక్కొచ్చింది. పేరా పక్కన ఎర్ర సిరా: "థీమ్ పేర్లు పొడవుగా ఉన్నవి. ఒక్క మాటలో రాయవలెను. ఉదా: సవాళ్లు."