సంతకం ఒకరిది, తుపాకీ ఒకరిది

1999 అక్టోబరు 12 సాయంత్రం పాకిస్తాన్ ప్రధాని నవాజ్ షరీఫ్ సైన్యాధిపతి పర్వేజ్ ముషారఫ్‌ను తప్పించి, ఐఎస్ఐ అధిపతి జియావుద్దీన్ బట్‌ను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. ప్రభుత్వ టీవీలో వార్త కూడా వచ్చేసింది. ఆ వేళ ముషారఫ్ కొలంబో నుంచి కరాచీ వస్తున్న ప్రయాణికుల విమానంలో ఉన్నారు. కాలు నేల మీద కూడా లేని మనిషి. తెల్లారేసరికి మాత్రం దేశం ఆయన చేతిలో ఉంది, షరీఫ్ నిర్బంధంలో ఉన్నారు.

బట్ చేతికి నియామకపు ఉత్తర్వు వచ్చింది గానీ ఆయన కింద కదిలే దళం ఏదీ లేదు. రావల్పిండి దళాలను నడిపే కోర్ కమాండర్ మహమూద్ అహ్మద్, సైనిక ప్రధాన కార్యాలయంలోని అజీజ్ ఖాన్ ముషారఫ్ పక్షాన నిలిచారు. రాజధానికి కాపలాగా ఉండే 111 బ్రిగేడ్ వారి మాటపైనే కదిలింది. సైనికులు ప్రధాని నివాసాన్ని, టీవీ కేంద్రాన్ని చుట్టుముట్టారు. కరాచీలో దిగనివ్వక గాలిలో తిప్పిన విమానం, విమానాశ్రయం సైన్యం చేతికి వచ్చాక, కొద్ది నిమిషాల ఇంధనంతో దిగింది.

అసలు ఆ సాయంత్రం మిగతా అధికారులు ఎందుకు అడ్డుపడలేదు? ముషారఫ్ మీద అందరికీ అభిమానం ఉందని కాదు. ఇలాంటి వేళ ప్రతి అధికారీ ముందు పక్కవాడి వైపు చూస్తాడు. ఓడిపోయే పక్షాన ఒంటరిగా మిగలాలనీ, తన జవాన్లు సాటి జవాన్ల మీద కాల్పులు జరపాలనీ ఎవరూ కోరుకోరు. ఎవరు గెలుస్తారనిపిస్తే అటే మొగ్గుతారు. కుట్రదారులు ఖజానా కంటే ముందు టీవీ కేంద్రానికి పరుగెత్తేది ఇందుకే. ఆట అయిపోయిందని బ్యారక్‌లలో ఉన్నవారికి తెలియజెప్పాలి. ముందు అలా నమ్మిస్తే, ఆ తర్వాత నిజంగానే అయిపోతుంది.

షరీఫ్ పొరపాటు ఆ ఒక్క సాయంత్రంతో మొదలవలేదు. ముషారఫ్ కంటే సీనియర్ అయిన అలీ కులీ ఖాన్‌ను పక్కనపెట్టి 1998లో ముషారఫ్‌ను ఎంచుకున్నది ఆయనే. అంతకుముందు 1976లో జుల్ఫికర్ అలీ భుట్టో కూడా పలువురు సీనియర్లను దాటవేసి జియావుల్ హక్‌ను తెచ్చారు. అణిగిమణిగి ఉంటాడనే లెక్క. మరుసటి ఏడాది జులైలో జియా ఆయన్ను కూలదోశారు, 1979లో ఉరి తీయించారు. కుర్చీ ఇచ్చింది ప్రధానే అయినా, దాన్ని నిలబెట్టేది కోర్ కమాండర్లని ఎక్కిన ప్రతి జనరల్‌కూ త్వరగానే అర్థమవుతుంది.

న్యాయస్థానాలు కూడా తలుపు తీసిపెట్టాయి. గెలిచిన తిరుగుబాటు తనకు తానే చట్టమవుతుందని పాకిస్తాన్ సుప్రీంకోర్టు 1958 అక్టోబరులో తేల్చింది. 1977లో, దేశానికి అవసరమైతే చట్టాన్ని మీరినా చెల్లుతుందనే ‘అవసర సిద్ధాంతం’ పేరుతో జియాను, 2000లో మూడేళ్ల గడువిచ్చి ముషారఫ్‌ను ఆమోదించింది. రాజ్యాంగాన్ని బలవంతంగా కూలదోయడం దేశద్రోహమని చెప్పే 1973 నాటి ఆరో అధికరణం అలా ఉండగానే ఈ రెండూ జరిగాయి.

మన జనరల్స్ పుట్టుకతోనే మంచివారని చంకలు గుద్దుకోనక్కర్లేదు. రెండు సైన్యాలూ ఒకే బ్రిటిష్ సైన్యం నుంచి చీలినవే. తేడా తొలి పదేళ్లలో వచ్చింది. ఇక్కడ 1950లో రాజ్యాంగం, 1951-52లో ఎన్నికలు, ఊరూరా వేళ్లున్న పార్టీ. అక్కడ తొలి సార్వత్రిక ఎన్నికలు 1970లో గానీ రాలేదు. వీటికి తోడు చిన్నగా కనిపించే ఒక ఏర్పాటు ఉంది. బ్రిటిష్ సర్వసేనాని ఉండే భవనం నెహ్రూ నివాసమైంది, అదే తీన్‌మూర్తి భవన్. 1947లోనే మూడు దళాలనూ వేర్వేరు అధిపతుల కింద పెట్టారు, 1955లో సర్వసేనాని అనే పేరునూ తీసేశారు. మొత్తం బలగాన్ని ఒక్క మాటతో కదిపే సైనికాధికారి లేకుండా పోయారు.

పాకిస్తాన్ 2025 నవంబరులో సరిగ్గా దీనికి ఎదురుదారి పట్టింది. 27వ రాజ్యాంగ సవరణతో సైన్యాధిపతే మొత్తం రక్షణ దళాల అధిపతి కూడా అయ్యారు. ఆయనకున్న ఫీల్డ్ మార్షల్ హోదాకు కేసుల నుంచి జీవితకాల రక్షణ దక్కింది. ఈసారి ట్యాంకులు రోడ్డెక్కలేదు, పార్లమెంటే చేతులెత్తి ఆమోదించింది. ఎంపీలు ఇష్టపడే ఇచ్చారని పాలకపక్షం అంటుంది. ఇవ్వకపోతే ఏమయ్యేదో వారికి తెలియనిది కాదు.

మన దగ్గర 2019 డిసెంబరులో త్రివిధ దళాల ప్రధానాధికారి పదవిని ఆమోదించినప్పుడు, ముగ్గురు దళాధిపతులపై ఆయనకు సైనిక ఆదేశాధికారం ఉండదని ప్రభుత్వం స్పష్టంగా రాసిపెట్టింది. ఉమ్మడి యుద్ధ సన్నద్ధత అవసరమే, కాదనం. ఆ పేరుతో ఈ ఒక్క వాక్యాన్ని మార్చాలనే ప్రతిపాదన ఎప్పుడైనా వస్తే, అది పార్లమెంటులో పూర్తి చర్చకు రావాలి.