ఆఫర్ లెటర్‌లో టపాసులు: నియామక విభాగాలకు ఒక సవినయ మనవి

మన కంపెనీల నియామక విభాగాలు సాధించిన ఘనతను ఎవరూ గుర్తించడం లేదు. ముక్కూమొహం తెలియని వారికి ప్రేమలేఖ రాయడం, కాస్త పరిచయమయ్యాక ఆజ్ఞలు జారీచేయడం, తీరా జీతం ఖాయంచేసే ఉత్తరంలో టపాసులు పేల్చడం మామూలు ప్రతిభతో అయ్యే పని కాదు. ఇంతటి కళను చెడగొట్టాలని కాదు గానీ, ఏ సందేశాన్ని ఎవరు చదువుతారన్న చిన్న సంగతిని మాత్రం వారి దృష్టికి తేవాలనిపించింది.

హైదరాబాద్‌లో నాలుగేళ్లుగా జావాలో పనిచేస్తున్న రమ్య అనే ఉద్యోగిని ఉందనుకుందాం. లింక్డ్‌ఇన్‌లో ఆమెకు ఒక సందేశం వస్తుంది: ‘డియర్ క్యాండిడేట్, మీ అద్భుతమైన ప్రొఫైల్ చూసి ముగ్ధులమయ్యాం 🚀🚀’. ముగ్ధులైన తొందరలో పేరు చూడటం మరిచిపోయారు. ఉద్యోగమేమిటో కూడా చెప్పలేదు. ముందే చెప్పేస్తే ఉత్కంఠ ఏముంటుంది?

అక్కడ చదివేది అపరిచితురాలు. ‘నువ్వెవరు, నాకే ఎందుకు రాశావు’ అన్నదే ఆమె మొదటి ప్రశ్న. పరిచయం కోరుతూ పంపే చీటీని ఆ సైటు, చందా కట్టినవారికైనా, 300 అక్షరాలు దాటనివ్వదు. అందులో రాకెట్లకు చోటిస్తే సమాచారం బయటే నిలబడాలి. ‘నమస్కారం రమ్య గారూ. మా కంపెనీలో జావా ఉద్యోగం ఉంది. చెల్లింపుల వ్యవస్థలపై మీ అనుభవం దానికి సరిపోతుంది. వారానికి మూడు రోజులు ఆఫీసు. వివరాలు పంపమంటారా?’ అని రాస్తే హాయిగా పడుతుంది. రాకెట్టు లేకున్నా జవాబు వస్తుంది.

ఆమె నంబరు ఇవ్వగానే ప్రేమ ఆవిరవుతుంది. రాత్రి పదిన్నరకు వాట్సాప్‌లో: ‘ప్రస్తుత జీతం, కోరే జీతం, నోటీసు పీరియడ్ పంపండి. అర్జెంట్ 🙏’. ఆ నమస్కారం ఎవరికో తెలియదు. తొంభై రోజుల నోటీసు పీరియడ్ ఉన్న మనిషి అర్ధరాత్రి జవాబిస్తే ఎనభై తొమ్మిది రోజులవుతుందని కాబోలు.

వాట్సాప్ ఒక్క మనిషి అప్పటికప్పుడు చదివే చోటు. ‘మూడో అంతస్తుకు రండి, గుర్తింపు కార్డు తెచ్చుకోండి’, ‘ఇంటర్వ్యూ ఇరవై నిమిషాలు ఆలస్యం, మన్నించండి’ లాంటి మాటలకు అది బంగారం. అవతలివారు ముందు చిరునవ్వు బొమ్మ పెడితే మీరూ ఒకటి పెట్టవచ్చు, ఆకాశం కూలిపోదు. జీతం అంకె మాత్రం అక్కడ పెట్టకూడదు. పంపిన సందేశాన్ని పావుగంటలోపు దిద్దవచ్చు, రెండు రోజుల దాకా అందరి ఫోన్ల నుంచీ తుడిచేయవచ్చు. పద్దెనిమిది లక్షలు పదహారుగా మారాక రమ్య దగ్గర మిగిలేది జ్ఞాపకం ఒక్కటే.

బొటనవేలి బొమ్మ 👍 సంగతి ఇంకా గంభీరం. కెనడాలోని సస్కాచెవాన్‌లో ఒక రైతుకు అవిసెల కొనుగోలు ఒప్పందాన్ని ఫోనులో పంపితే ఆయన ఈ బొమ్మ ఒకటి వదిలాడు. అందింది అన్నానంతే అని తర్వాత వాదించాడు. కాదు, ఒప్పుకున్నట్టే అని 2023లో అక్కడి కోర్టు 82,000 డాలర్లకు పైగా కట్టించింది. అది ఆ ఇద్దరి పాత లావాదేవీల తీరును బట్టి ఇచ్చిన తీర్పు, మన దగ్గర చెల్లే చట్టం కాదు. అయినా ‘పదిహేనో తేదీన చేరతారు కదా?’ అన్నదానికి బొటనవేలు చూపే ముందు ఆ రైతును తలుచుకోవడం మంచిది. ‘మెయిల్ అందింది, చదివి రేపు చెబుతాను’ అని రాయడానికి ఎంతసేపు పడుతుంది?

ఇక ఈమెయిల్. ‘కంగ్రాట్స్ రమ్య!!! 🎉🥳 వెల్‌కమ్ టు ద ఫ్యామిలీ’ అని ఆఫర్ వస్తుంది. పాపం, ఈ ఉత్తరాన్ని రమ్య ఒక్కతే చదువుతుందని వారి నమ్మకం. నిజానికి అది ఇంటి రుణం కోసం బ్యాంకు అధికారి బల్ల మీదికి వెళుతుంది. ఏళ్ల తర్వాత మరో కంపెనీ చేసే వివరాల తనిఖీకి వెళుతుంది. రమ్యను గానీ, మిమ్మల్ని గానీ ఎరగని మూడో మనిషి కోసమే ఈమెయిల్‌లో ఆ మర్యాదంతా. హోదా, జీతం, చేరే తేదీ, పనిచేసే ఊరు, ఎప్పటిలోగా జవాబివ్వాలి అన్నవి పూర్తి వాక్యాల్లో, కంపెనీ సొంత చిరునామా నుంచి రావాలి. ఉచిత మెయిల్ చిరునామా నుంచి వచ్చి, ‘తిరిగి ఇచ్చే డిపాజిట్’ అడిగే ఉత్తరాలకూ ఇలాంటి టపాసులే ఉంటాయి కనుక, అసలుదాన్ని పోల్చుకునే భారం రమ్య మీద వేయకూడదు.

ఎంపిక కానివారి విషయంలో మాత్రం మన కంపెనీలను తప్పుపట్టలేం. మూడు చోట్లా ఒకే స్వరం పాటిస్తున్నారు. ఒక్క అక్షరం ఎక్కువ కాదు, ఒక్క బొమ్మ ఎక్కువ కాదు. మౌనం. ‘మీరు ఇచ్చిన సమయానికి కృతజ్ఞతలు, ఈ ఉద్యోగానికి వేరొకరిని తీసుకున్నాం’ అన్న రెండు ముక్కలు ఈమెయిల్‌లో రాయాలంటే తీరిక దొరకాలి కదా. అదే విభాగంవారు ఆ సాయంత్రం లింక్డ్‌ఇన్‌లో ‘అభ్యర్థుల పట్ల సానుభూతి’ గురించి పదిహేను పేరాలు రాశారు, అడుగున మూడు రాకెట్లు.